ప్రారంభ వారానికి ఏడు క్యాప్షన్లు: విశాఖలోని ఒక ఫిట్‌నెస్ స్టూడియో కేస్ స్టడీ

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో మొదటి అంతస్తులోని ఒక హాలును ఫిట్‌నెస్ స్టూడియోగా మార్చి, ఆషాఢం వెళ్లేదాకా ఆగి, శ్రావణ మాసంలో ఒక బుధవారం నాడు ప్రారంభించారు. ఒక్కో బ్యాచ్‌లో పన్నెండు మంది, ఇద్దరు ట్రైనర్లు, ట్రెడ్‌మిల్లులు లేవు, బరువులు, తాళ్లు, చాపలు మాత్రమే. బుధవారం నుంచి మంగళవారం వరకు రోజుకొక పోస్టు చొప్పున ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్లు, వాటికి హ్యాష్‌ట్యాగులు రాసిపెట్టే పని నాకు అప్పగించారు. స్టూడియో పేరు ఇక్కడ అవసరం లేదు కనుక చెప్పడం లేదు.

యజమానురాలు కాలేజీ రోజుల్లో కబడ్డీ ఆడి, తర్వాత కొన్నేళ్లు ట్రైనర్‌గా పనిచేసినవారు. ఆవిడ చెప్పిన కోరిక ఒక్కటే: "సరదాగా ఉండాలండీ, అలాగని జనం మమ్మల్ని జోకర్లనుకోకూడదు." అయితే నమూనాగా ఆవిడ పంపిన వాక్యం "30 రోజుల్లో 10 కిలోలు మాయం!" అన్నది, దాని కింద ముప్పై హ్యాష్‌ట్యాగులు. ఆ వాక్యంలో సరదా అంతా అంకెలోనే ఉంది, ఇబ్బంది కూడా ఆ అంకెతోనే. బరువు తగ్గదలచిన వారికి వారానికి అర కిలో నుంచి కిలో వరకు తగ్గడమే సాధారణంగా సూచించే వేగం. ఆ లెక్కన నెలకు పది కిలోలు అన్న మాట చదివిన మనిషి దాన్ని నమ్మితే మోసపోతాడు, నమ్మకపోతే మిగిలిన మాటలన్నీ కూడా నమ్మడు.

అందుకని రాయడం మొదలుపెట్టక ముందే ఒక కట్టుబాటు పెట్టుకున్నాము. నవ్వించేది శరీరం అనుభవించే సంగతి కావాలి, మాట ఇచ్చేది స్టూడియో చేతిలో ఉన్న సంగతి కావాలి. చెమట, మెట్లు, పొద్దున్నే లేవలేకపోవడం, ట్రైనర్ లెక్కపెట్టే తీరు వంటివి ఎంత నవ్వించినా ఎవరికీ నష్టం లేదు. బ్యాచ్‌లో ఎంతమంది, రుసుము ఎంత, ట్రైనర్ చదువు ఏమిటి, ఏ గంటకు తలుపు తెరుస్తారు అన్నవి మాత్రం నవ్వులో కలపకుండా పొడిపొడిగా చెప్పాలి. మెట్లెక్కి వచ్చిన మనిషి మొదటి ఐదు నిమిషాల్లో తన కళ్లతో సరిచూసుకోలేని మాట ఏదీ ఆ వారం క్యాప్షన్లలో ఉండకూడదన్నది మా పరీక్ష.

బుధవారం పెట్టిన మొదటి క్యాప్షన్ ఇది.

> వాన పడితే బీచ్ రోడ్డులో నడక ఆగుతుంది. మా దగ్గర ఆగదు, పైకప్పు వేయించాం.
>
> ఈ రోజు నుంచి విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో తలుపులు తెరిచాం. ఉదయం 5:30 నుంచి 9 వరకు, సాయంత్రం 5 నుంచి 9 వరకు. బ్యాచ్‌కు 12 మంది, ఇద్దరు ట్రైనర్లు. లిఫ్ట్ లేదు, ఒక అంతస్తు ఎక్కాలి. దాన్నే వార్మప్ అనుకోండి.
>
> #VizagFitness #MVPColony #VizagGym #StrengthTraining

ఫీడ్‌లో క్యాప్షన్ మొత్తం కనిపించదు. మొదటి రెండు వరుసలు దాటగానే తెగిపోయి, మిగిలింది చదవాలంటే నొక్కాలి. దీనికి సుమారు 125 అక్షరాలు అని అందరూ చెప్పుకునే లెక్క ఇంగ్లీషు అక్షరాలను దృష్టిలో పెట్టుకున్నది. తెలుగులో గుణింతపు గుర్తులు, పొల్లులు కూడా కంప్యూటరుకు వేరువేరు అక్షరాలే కావడం వల్ల మనకు నాలుగు అక్షరాలుగా కనిపించే మాట లోపల పదికి చేరవచ్చు. కనుక లెక్కను నమ్ముకోకుండా, క్యాప్షన్‌ను చిన్న ఫోనులో డ్రాఫ్టుగా పెట్టి ఎక్కడ తెగుతోందో చూసుకున్నాము. పైకప్పు మాట తెగిన చోటికి ముందే వచ్చేలా మొదటి వాక్యాన్ని కుదించాము, ఎందుకంటే అసలు చమత్కారం తెర వెనక్కి వెళ్లిపోతే మిగిలేది వాతావరణ సమాచారం మాత్రమే.

లిఫ్ట్ లేదన్న మాట రాయడానికి ఆవిడ మొదట ఒప్పుకోలేదు. లోపాన్ని మనమే చెప్పుకోవడమా అన్నారు. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఆటో దిగి కింద నిలబడి మెట్లు చూసి వెనుదిరగడం కన్నా, ఇంట్లో ఉండగానే ఆ సంగతి తెలియడం ఇద్దరికీ మేలని చెబితే సరేనన్నారు. ఆ వారంలో స్టూడియో తనకు ఇబ్బందికరమైన ఒక నిజాన్ని చెప్పిన చోటు అదొక్కటే. మిగతా మాటలు చదువరులకు నమ్మదగ్గవిగా అనిపించడానికి అది చాలా ఉపకరించిందని నా అభిప్రాయం.

హ్యాష్‌ట్యాగుల దగ్గరికి వస్తే, ఆవిడ పంపిన ముప్పైలో నాలుగే మిగిలాయి. మూడు నుంచి ఐదు చాలని ఇన్‌స్టాగ్రామ్ తన క్రియేటర్ల ఖాతా ద్వారా 2021లోనే సూచించింది. హ్యాష్‌ట్యాగును ఫాలో అయ్యే సదుపాయాన్ని 2024 డిసెంబరులో తీసేసింది. అంటే ట్యాగు ఇప్పుడు జనాన్ని మోసుకొచ్చే బండి కాదు, ఈ పోస్టు దేని గురించో చెప్పే చీటీ. #fitness అన్న ట్యాగు కింద ప్రపంచమంతటి నుంచి కోట్ల కొద్దీ పోస్టులున్నాయి కనుక అక్కడ కొత్త స్టూడియో పోస్టు కనిపించే అవకాశం లేదు. #Vizag విశాఖదే అయినా దాని నిండా సూర్యోదయాలు, పర్యాటకుల ఫొటోలు ఉంటాయి. #MVP అని కాలనీ పేరును సగానికి కోస్తే అది ఆటల్లో ఉత్తమ క్రీడాకారుడికి వాడే ట్యాగు అవుతుంది. అందువల్ల ఊరు, పేట, చేసే పని అనే మూడింటికీ ఒక్కో కచ్చితమైన ట్యాగు, ఆపైన ఆ రోజు విషయానికి ఒకటి అన్న పద్ధతి పాటించాము. పదాల మొదటి అక్షరాలను పెద్దవిగా రాయడం చూపు లేనివారి ఫోను ఆ ట్యాగును విడివిడి మాటలుగా చదవడానికి పనికివస్తుంది. వెతుకులాటలో పెద్దా చిన్నా తేడా ఏమీ ఉండదు.

తెలుగు లిపిలో ట్యాగు పెట్టాలనుకునేవారు ఒక సంగతి గమనించాలి. ఫిట్‌నెస్ అన్న మాటను సరిగ్గా రాయడానికి ట, న అనే అక్షరాలు కలిసిపోకుండా మధ్యలో కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు పడుతుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్ని వేయవు, కనుక ఒకే మాట రెండు వేర్వేరు రాతలుగా తయారవుతుంది. ఆ గుర్తు అవసరం లేని #వ్యాయామం, #విశాఖపట్నం వంటి మాటలను ఎంచుకుని, పోస్టు చేసే ముందు ట్యాగు చివరి అక్షరం దాకా నీలం రంగులోకి మారిందో లేదో చూసుకుంటే గొడవ ఉండదు. పేట పేరును, ఊరి పేరును మాత్రం ట్యాగుకే వదిలేయకుండా క్యాప్షన్ వాక్యాల్లోనూ రాశాము, ఎందుకంటే ఇన్‌స్టాగ్రామ్ వెతుకులాట క్యాప్షన్‌లోని మాటలను కూడా చూస్తుంది.

గురువారం క్యాప్షన్ ముందురోజు వచ్చినవారి ఒళ్లు నొప్పుల మీద రాసినది.

> నిన్న స్క్వాట్లు చేసినవారు ఈ రోజు మెట్లు ఎక్కగలరు. దిగడమే పెద్ద కథ.
>
> కొత్త వ్యాయామం చేసిన తర్వాత ఒకటి నుంచి మూడు రోజుల వరకు కండరాలు పట్టేసినట్టు ఉండటం మామూలే. కీలులో పొడిచినట్టు నొప్పి, వాపు ఉంటే మాత్రం మామూలు కాదు. తరగతికి రాకండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి.
>
> #VizagFitness #MVPColony #LegDay #MuscleSoreness

ఈ చమత్కారం పనిచేయడానికి కారణం అది శరీరశాస్త్రం ప్రకారం నిజం కావడమే. మెట్లు దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బరువును ఆపుతుంది. ఆలస్యంగా వచ్చే ఈ నొప్పిని ఎక్కువగా కలిగించేదీ, ఆ నొప్పి ఎక్కువగా తెలిసేదీ అలాంటి కదలికలోనే. కైలాసగిరి మెట్లు దిగిన మరునాడు లేవలేకపోయిన వాళ్లెవరినైనా అడగవచ్చు. అతిగా చేసిన వ్యాయామం వల్ల కండరాలు దెబ్బతిని మూత్రం ముదురు రంగులో వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలన్న హెచ్చరికను కూడా క్యాప్షన్‌లోనే పెట్టాలని నేను అన్నాను. అది అరుదుగా జరిగేది, ఆ మాట చదివి కొత్తవారు హడలిపోతారని ఆవిడ అన్నారు. చివరకు దాన్ని సభ్యులందరికీ వాట్సాప్‌లో విడిగా పంపాము. క్యాప్షన్‌లో ఉన్నా తప్పులేదని ఇప్పటికీ నా నమ్మకం.

ఇదే గురువారానికి మొదట వేరే వాక్యం అనుకున్నాము. అంతకు కొద్ది వారాల ముందే ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ జరిగింది. సుమారు 32 కిలోమీటర్లు నడిచినవారు ఈ ఊళ్లో ఇంటికొకరుంటారు. "అప్పన్న కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచిన కాళ్లకు ఇరవై స్క్వాట్లు ఒక లెక్కా? లెక్కేనండీ, నడకకు కావలసింది ఓపిక, స్క్వాట్‌కు కావలసింది తొడ బలం" అన్న వాక్యం అందరికీ నచ్చింది. భక్తిని ముట్టుకోకుండా కాళ్లను మాత్రమే ఆటపట్టించింది కనుక దాన్ని రెండో వారానికి దాచాము. కానీ గిరి ప్రదక్షిణ పేరుతో ఉన్న ట్యాగును దానికి తగిలించవద్దని గట్టిగా చెప్పాను. ఆ ట్యాగు తెరిచే మనిషి స్వామి ఉత్సవం చూడటానికి వస్తాడు. అక్కడ అతనికి జిమ్ ప్రకటన ఎదురైతే ఆ సరదా ఒక్క క్షణంలో చిరాకుగా మారుతుంది.

శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఉదయం మహిళల బ్యాచ్ ఎలాగూ ఖాళీగా ఉంటుంది కనుక దాన్ని తీసేసి, ఆ సంగతినే రెండు వాక్యాల్లో చెప్పాము: "ఈ ఉదయం మహిళల బ్యాచ్ లేదు, కారణం అందరికీ తెలిసిందే. బూరెలు ఎన్ని తిన్నారని రేపు ఎవరూ అడగరు." తిన్న బూరెకు ఇన్ని గుంజీలు అన్న లెక్క ఫిట్‌నెస్ పేజీలన్నీ పండుగ నాడు వేసేదే. అది తిండిని శిక్షతో ముడిపెడుతుంది, పైగా ఒక్కో ఇంటి బూరె ఒక్కో కొలత కనుక ఆ అంకె ఎప్పుడూ తప్పే.

శనివారం ట్రైనర్‌ను పరిచయం చేయాలి. ఎక్కువ సమయం పట్టింది దీనికే. వ్యాయామశాలకు వెళ్లిన ప్రతివారికీ తెలిసిన ఒక సంగతి ఉంది: ట్రైనర్ "ఇంకా రెండే" అంటాడు, తర్వాత ఇంకో నాలుగు చేయిస్తాడు. దాని మీద నా మొదటి వాక్యం "'ఇంకా రెండే' అని మా ట్రైనర్ అంటే నమ్మకండి" అని వచ్చింది. చదివితే నవ్వు వస్తుంది. కానీ కొత్తగా తెరిచిన చోట, బరువు కింద మెడ పెట్టబోతున్న మనిషికి మనం చెప్పిన మొదటి మాట "మా ట్రైనర్‌ను నమ్మకండి" అన్నదైంది. నవ్వు ఎవరి మీద పడుతోంది, దాని వల్ల తరిగేది ఏది అని చూస్తే, తరిగేది మనం అమ్ముతున్న సరుకే. ట్రైనర్‌ను పూర్తిగా వదిలేసి మరో చమత్కారం వెతకవచ్చు, కానీ అందరికీ తెలిసిన ఆ అనుభవాన్ని వదులుకోవడం ఇష్టం లేకపోయింది. వాక్యాన్ని తిరగేస్తే చాలని తర్వాత తట్టింది.

> మా దగ్గర "ఇంకా రెండే" అంటే రెండే.
>
> సాయంత్రం బ్యాచ్ ట్రైనర్‌ను కలవండి. ఆయన సర్టిఫికెట్ ఎవరు ఇచ్చారో, ఏ సంవత్సరం వరకు చెల్లుతుందో రెండో ఫొటోలో ఉంది. ప్రథమ చికిత్స శిక్షణ పత్రం మూడో ఫొటోలో ఉంది. లెక్క తప్పితే మీరే గట్టిగా చెప్పండి, ఆయన ఏమీ అనుకోరు.
>
> #VizagFitness #MVPColony #PersonalTrainer #StrengthTraining

ఇప్పుడు నవ్వు మిగతా ప్రపంచపు ట్రైనర్ల మీదకు వెళ్లింది, మాట మాత్రం ఈ స్టూడియో మీద నిలిచింది. ఆ మాట నిలబెట్టుకోవలసిన బాధ్యత ట్రైనర్ మీద పడింది కనుక పోస్టు పెట్టే ముందు ఆయన ఒప్పుకోలు తీసుకున్నాము. "అయితే ముందే నాలుగు అంటానండీ" అని ఆయన నవ్వారు. ఇక "సర్టిఫైడ్" అన్న ఒంటరి మాట గురించి ఒక్క మాట: ఇచ్చిన సంస్థ పేరు, గడువు లేకుండా దానికి విలువ లేదు. ఈ పత్రాల్లో చాలావాటిని కొన్నేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి కనుక గడువు చూపించడమే నిజాయితీ.

ఆదివారం సెలవు. "ఏటండీ, ఆదివారం కూడా వచ్చేస్తారేటి? ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి దగ్గర మా ట్రైనర్ కనిపిస్తే పలకరించండి, అక్కడ స్క్వాట్లు చేయించరు" అని రాసి సరిపెట్టాము. ఉత్తరాంధ్ర యాస వారం మొత్తానికి ఈ ఒక్కచోటే వచ్చింది. రోజూ వాడితే ఇక్కడివారికి అది తమ భాషలా కాక తమను వెక్కిరించినట్టు వినిపిస్తుంది.

సోమవారం ఆఫరు. సరదా ముసుగులో నమ్మకం జారిపోయేది సాధారణంగా ఇక్కడే. ముందుగా అచ్చు వేయించిన పోస్టరు మీద పెద్ద తెలుగు అక్షరాల్లో "మొదటి వారం పూర్తిగా ఉచితం" అని, అడుగున చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో నమోదు రుసుము 500 రూపాయలని ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో తెచ్చిన ప్రకటనల మార్గదర్శకాల ప్రకారం, ప్రకటనకు స్పందించడానికి, వస్తువు తెచ్చుకోవడానికి తప్పనిసరిగా అయ్యే ఖర్చు తప్ప ఇంకేదైనా చెల్లించవలసి ఉంటే దాన్ని ఉచితం అనకూడదు. షరతులను అసలు మాట ఏ భాషలో చెప్పారో ఆ భాషలోనే చెప్పాలి. ఆ పోస్టరు ఈ రెండింటినీ దాటింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. చిన్న స్టూడియో మీద అంతదాకా రాకపోవచ్చు గానీ, వ్యాఖ్యల్లో ఒక్కరు "మరి ఆ 500 ఏమిటి?" అని అడిగితే చాలు, ఆ వారం రాసిన వాక్యాలన్నీ అనుమానంలో పడతాయి. పోస్టరును పక్కన పెట్టి ఇలా రాశాము.

> ఉచితం అంటే ఉచితమే. జేబు తడుముకోకండి, చెమట తుడుచుకోవడానికి తువాలు తెచ్చుకోండి.
>
> ఒకరికి ఒక తరగతి, నమోదు రుసుము లేదు, కార్డు వివరాలు అడగం. ఈ శనివారం వరకే. బ్యాచ్‌కు ముగ్గురు కొత్తవారికి చోటుంది; ముందుగా మెసేజ్ పెట్టండి. నచ్చితే నెలకు పన్నుతో కలిపి 2,800 రూపాయలు. నచ్చకపోతే తువాలు మీదే.
>
> #VizagFitness #MVPColony #VizagGym #FreeTrialClass

ఇక్కడ ఒక చిన్న పనిపద్ధతి ఉపయోగపడింది. పోస్టు పెట్టిన తర్వాత క్యాప్షన్‌ను సవరించవచ్చు గానీ, అందులోని ఫొటోను మార్చి వేరేది పెట్టడం కుదరదు. కనుక సమయాలు, ఖాళీలు, ధర వంటి మారే సంగతులేవీ బొమ్మ మీద రాయలేదు. అన్నీ క్యాప్షన్‌లోనే ఉంచాము. సాయంత్రం బ్యాచ్‌లో చోటు నిండగానే మొదటి వాక్యానికి ముందు "సాయంత్రం నిండింది, ఉదయం ఖాళీ ఉంది" అని చేర్చాము. నిండిపోయిన చోటును ఖాళీగా ఉన్నట్టు చూపించి జనాన్ని రప్పించడం కూడా అదే మార్గదర్శకాల్లో ఎర ప్రకటన కిందికి రావచ్చు.

మంగళవారం, వారం ముగింపు పోస్టు కోసం, సభ్యులు చేరకముందు ఎలా ఉన్నారో, చేరాక ఎలా ఉన్నారో చూపే ఫొటోలు కావాలని యజమానురాలు అడిగారు. వారంలో ఒంటి ఆకారంలో కనిపించే తేడా ఎక్కువగా వెలుతురుది, నిలబడిన తీరుది, పొట్ట లోపలికి లాగడానిది అయి ఉంటుంది. అయితే వారంలో నిజంగా మారేది ఒకటుంది: కదలిక కుదురుతుంది. కండ పెరగడానికి ముందే నరాలు, కండరాలు ఆ పనికి అలవాటుపడటం వల్ల వచ్చే మెరుగు అది. దాన్నే చెప్పాము.

> ఈ వారం మేము ఎవరి నడుమూ తగ్గించలేదు. వారంలో తగ్గిస్తామన్నవారిని జాగ్రత్తగా చూడండి.
>
> బుధవారం కుర్చీ పట్టుకుని స్క్వాట్ చేసిన సభ్యురాలు ఈ రోజు కుర్చీని పక్కకు నెట్టేశారు. వీడియో ఆవిడ అనుమతితోనే. కుర్చీ అనుమతి అడగలేదు.
>
> #VizagFitness #MVPColony #BeginnerFitness #SquatForm

అనుమతిని మాటతో సరిపెట్టకుండా వాట్సాప్‌లో రాయించుకున్నాము. ఎప్పుడు కోరినా వీడియో తీసేస్తామని కూడా అందులోనే రాశాము.

ఈ పోస్టులు పనిచేశాయా అన్నది లైకులతో తేల్చలేదు. ప్రారంభ వారంలో లైకులు ఎక్కువగా బంధువులవి, స్నేహితులవి. పోస్టును ఎవరెవరు చూశారో ఇన్‌స్టాగ్రామ్ లెక్క చూపే ఇన్‌సైట్స్‌లో ఫాలోవర్లు కానివారు ఎంతమేరకు చూశారన్నది, ప్రొఫైల్‌కు వచ్చి చిరునామా నొక్కినవారున్నారా అన్నది చూశాము. అంతకన్నా మెరుగైన కొలత వచ్చిన ప్రశ్నల తీరు. బుధవారం పోస్టు కింద ఎక్కువగా చప్పట్లు, నిప్పు బొమ్మలు ఉన్నాయి. గురువారం, సోమవారం పోస్టుల తర్వాత మాత్రం మెసేజ్‌లలో "మోకాలి నొప్పి ఉంది, రావచ్చా అండీ?", "అమ్మ వయసు వారికి బ్యాచ్ ఉందా?" వంటి ప్రశ్నలు మొదలయ్యాయి. చేరే ఆలోచన లేని మనిషి తన మోకాలి సంగతి చెప్పడు. ఆ మొదటి ప్రశ్ననే తీసుకుని రెండో వారపు తొలి క్యాప్షన్ రాశాము.

> మోకాలి నొప్పి ఉంటే ముందు డాక్టరు మాట, తర్వాత మా మాట, చివరికి మెట్ల మాట.
>
> డాక్టరు వ్యాయామం చేయవచ్చంటే ఆ చీటీతో రండి. మొదటి రోజు కుర్చీ మీద కూర్చుని లేవడంతోనే మొదలుపెడతాం. కింద వాచ్‌మన్‌కు చెబితే ట్రైనరే దిగి వచ్చి మాట్లాడతారు.
>
> #VizagFitness #MVPColony #KneePain #BeginnerFitness